బులీమియాకి సిబిటి: డైరీలో ఒక మంగళవారం

ప్రశ్న: మా చెల్లికి 23 ఏళ్ళు, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి జాబ్ చేస్తోంది. రాత్రిళ్ళు విపరీతంగా తినేసి వాంతి చేసుకుంటోందని ఈమధ్యే తెలిసింది. సైకియాట్రిస్ట్ బులీమియా అన్నారు, సిబిటి అనే మాటలతో చేసే థెరపీ చేయించమన్నారు. రెండు సెషన్లయ్యాయి. రోజుకి 5, 6 సార్లు తినమంటున్నారట, తిన్నదంతా రాయమంటున్నారట. ఎక్కువ తినడమే జబ్బు అయితే ఇంకా తినమనడం ఏంటి? డైరీ రాయడానికి ఏడుస్తోంది. తగ్గాక మళ్ళీ వస్తుందా?

జవాబు:

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని అండి, పన్నెండేళ్ళుగా ఈటింగ్ డిజార్డర్స్ చూస్తున్నా. మీ చెల్లిగారి థెరపిస్ట్ కరెక్ట్ దారిలోనే ఉన్నారు, ముందు ఆ టెన్షన్ తీసేయండి. మీ డౌట్ కూడా న్యాయమైనదే, మా దగ్గరికొచ్చే ప్రతి అమ్మా నాన్నా మొదటి రోజు అడిగేది ఇదే.

ఎక్కువ తినడం కనిపించే భాగం మాత్రమే. దాని వెనకాల పగలంతా కడుపు మాడ్చుకోవడం ఉంటుంది, అది ఎవరికీ కనపడదు, పైగా "బాగా కంట్రోల్‌లో ఉంది" అని మెచ్చుకుంటారు కూడా. ఒళ్ళు గురించి, బరువు గురించి విపరీతమైన పట్టింపు, దాంతో కఠినమైన రూల్స్, రూల్స్‌తో ఆకలి, ఆకలితో రాత్రికి తిండి మీద పడిపోవడం, ఆ భయంతో వాంతి, ఆ సిగ్గుతో మర్నాడు ఇంకా కఠినమైన రూల్స్. ఇది గానుగ, ఎక్కడా ఆగదు. 1981లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే సైకియాట్రిస్ట్ ఈ గానుగని డైటింగ్ దగ్గర తెంపాలి అని ట్రీట్‌మెంట్ రాశాడు, ఇప్పుడు మేం చేసేది దాని పెద్దయిన రూపం. మామూలుగా 20 వారాలు, 20 సెషన్లు. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు పిలుస్తాం, తర్వాత వారానికొకటి, ఆఖర్లో రెండు వారాలకొకటి. మొదట్లో అంత దగ్గర దగ్గరగా పెట్టడానికి కారణం ఉంది, మొదటి నాలుగు వారాల్లో ఎంత మార్పొచ్చిందన్న దాన్నిబట్టే చివరికి ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది.

థియరీ పక్కన పెట్టి ఒక డైరీ పేజీ చూపిస్తా, మీకే అర్థమవుతుంది. ఇది ఏ ఒక్కరిదీ కాదు, ఇద్దరు ముగ్గురివి కలిపి, గుర్తుపట్టకుండా మార్చి రాస్తున్నా. 24 ఏళ్ళ అమ్మాయి, మాదాపూర్ వైపు పీజీలో ఉంటుంది, వారానికి ఐదారు రాత్రులు బింజ్, అంటే ఆపుకోలేకుండా ఒక్కసారే తినేయడం, ప్రతిసారీ వాంతి. రెండో వారం తెచ్చిన డైరీలో మంగళవారం పేజీ ఇలా ఉంది.

పొద్దున 8:30, రూమ్, పాలు లేని కాఫీ. కామెంట్ దగ్గర "నిన్న రాత్రి తిన్నది చాలు ఇవాళ్టికి".
మధ్యాహ్నం 1:15, ఆఫీస్ క్యాంటీన్, కీరా ముక్కలు, గ్లాసు మజ్జిగ. "హాయిగా ఉంది, గుడ్ డే".
సాయంత్రం 4:40, టీమ్‌లో బర్త్‌డే, చిన్న కేక్ ముక్క, పక్కన స్టార్. "వద్దంటే బాగోదని తిన్నా. అయిపోయింది. మునిగినవాడికి చలేంటి".
రాత్రి 7:50, క్యాబ్, ఏమీ తినలేదు. "యాప్‌లో బిర్యానీ పెట్టేశా".
8:30, రూమ్ తలుపేసుకుని, బిర్యానీ ఫ్యామిలీ ప్యాక్, ఐస్‌క్రీమ్ టబ్, రూమ్మేట్ బిస్కెట్లు, స్టార్, వాంతి. "ఛీ".
11:15, ఏమీ లేదు. "రేపు నీళ్ళు తప్ప ఏమీ ముట్టను".

ఇందులో స్టార్ అంటే "ఇది నేను ఎక్కువ తిన్నా" అని తనకి అనిపిస్తే పెట్టుకునే గుర్తు, మనకి అనిపించడం కాదు. అందుకే కేక్ ముక్క పక్కనా స్టార్ ఉంది, ఫ్యామిలీ ప్యాక్ పక్కనా అదే స్టార్ ఉంది. కేలరీలు రాయనివ్వం, గ్రాములు రాయనివ్వం, అలా రాస్తే డైరీ కూడా డైటింగ్‌లో భాగమైపోతుంది. టైమ్, ఏం తిన్నారు, ఎక్కడ, స్టార్, వాంతి గానీ విరేచనాల మాత్రలు గానీ ఉంటే అది, అప్పుడు మనసులో ఏముందో ఒక లైన్, అంతే.

సెషన్‌లో ఆ పేజీ తననే పైకి చదవమన్నా. చదివాక "ఎక్కడ మొదలైంది?" అని అడిగితే ఠక్కున "కేక్ దగ్గర" అంది. నేను తప్పు ఒప్పు అనలేదు. "కేక్‌కి ముందు సరిగ్గా భోజనం అనదగ్గది ఎప్పుడు తిన్నావ్?" అన్నా. పేజీ పైకీ కిందకీ చూసింది, వెనక పేజీ తిప్పింది, సోమవారం మధ్యాహ్నం హాస్టల్ పప్పన్నం దగ్గర ఆగింది. మధ్యలో ఉన్నది ఒక బింజ్, అదీ వాంతిలో చాలావరకు పోయింది. అంటే కేక్ కోసే టైమ్‌కి తను దాదాపు 27 గంటలుగా సరైన తిండి లేకుండా ఉంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "అంటే నాకు విల్ పవర్ లేక కాదా" అంది. ఆ మాట నేను చెప్తే ఎక్కదండీ, తన చేతిరాతలో తను చూసుకోవాలి, డైరీ పెట్టేది ఈ ఒక్క నిమిషం కోసం అనుకోవచ్చు.

బింజ్ వెనకాల మామూలుగా నాలుగు దారాలు వెతుకుతాం. ఆకలితో మాడి ఉండటం, ఏదో రూల్ తప్పడం, మందు లాంటిది తాగి పట్టు సడలడం, మనసు బాగోకపోవడం. ఆ మంగళవారంలో మొదటి రెండూ పేజీ మీదే కనిపిస్తున్నాయి. "కేక్ అస్సలు తినకూడదు" అన్నది రూల్, తప్పగానే రోజంతా వేస్ట్ అనుకుంది. మామూలు మనిషి కేక్ ముక్క తిని చేయి కడుక్కుని పనిలో పడతాడు. నాలుగోది అడిగితే బయటికొచ్చింది, ఏడింటికి మేనేజర్‌తో కాల్‌లో చీవాట్లు పడ్డాయట, అది డైరీలో రాయలేదు. అందుకే ఖాళీ గడులు కూడా చదవాలి.

ఇక రెగ్యులర్ ఈటింగ్ సంగతి. మూడు భోజనాలు, మధ్యలో రెండో మూడో చిరుతిళ్ళు, రెండింటి మధ్య నాలుగు గంటలు మించి గ్యాప్ ఉండకూడదు, ఆ టైమ్‌లు తప్ప మధ్యలో ఏమీ తినకూడదు. ఈ చివరి ముక్క మీకెవరూ చెప్పి ఉండరు, అందుకే "ఇంకా తినమంటున్నారు" అనిపిస్తోంది. తినాల్సిన టైమ్‌తో పాటు తినకూడని టైమ్ కూడా ఉంది ఇందులో. ఆకలేసిందా లేదా అన్నదాని మీద ఆధారపడొద్దు అంటాం, ఎందుకంటే ఏళ్ళ తరబడి మాడ్చి, కుక్కి, కక్కి ఆ అలారం పాడైపోయి ఉంటుంది, కొన్నాళ్ళు గడియారాన్నే నమ్మాలి. మొదట్లో ఏం తినాలో మేం చెప్పం, ఎప్పుడు తినాలో మాత్రమే. వాంతి చేసుకోకుండా ఉంచుకోగలను అని నమ్మకం ఉన్నది ఏదైనా సరే.

ఆ అమ్మాయికి ఒకేసారి అన్నీ పెట్టలేదు. తన రోజులో తేలిగ్గా ఉన్నది పొద్దున పూట కాబట్టి అక్కడ మొదలెట్టాం. 8:30కి రెండు ఇడ్లీ, చట్నీతో సహా. చట్నీ దగ్గర పది నిమిషాలు బేరం ఆడింది, సరే నీ ఇష్టం అన్నా, మూడో రోజు తనే వేసుకుంది. తర్వాతి వారం 11కి అరటిపండు, 1:15కి కూరా పెరుగూ అన్నం, 4:30కి పల్లీ చిక్కీ, 8కి హాస్టల్ చపాతీ, పడుకునే ముందు పాలు. క్యాబ్‌లో ఆర్డర్ పెట్టే అలవాటు గట్టిది కాబట్టి, రూమ్‌కి వెళ్ళకముందే మెస్‌లో నలుగురి మధ్య కూర్చుని తినేసి అప్పుడు పైకెళ్ళడం అని రాసుకున్నాం. పొద్దున్నే ఆ రోజు ఏ టైమ్‌కి ఎక్కడ తింటుందో డైరీ పైన నాలుగు మాటలు రాయడం కూడా అలవాటు చేశాం, చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది గానీ రాసుకున్న రోజుకీ రాసుకోని రోజుకీ తేడా పేజీల్లో స్పష్టంగా కనపడుతుంది.

బింజ్ చేయాలన్న కోరిక వస్తే? అది అలలాగా లేచి, దానంతటదే పడిపోతుంది, కానీ లేస్తున్నప్పుడు ఎప్పటికీ దిగదు అనిపిస్తుంది. కాబట్టి అప్పుడు చేయడానికి తనే ఒక లిస్ట్ రాసుకుంది. టెర్రస్ మీదకెళ్ళి అమ్మకి వీడియో కాల్, తలస్నానం, కింద కిరాణా కొట్టు దాకా ఫోన్ లేకుండా నడక. టీవీ చూడటం పనికిరాలేదు, చూస్తూనే ఆర్డర్ పెట్టేసింది. చేతులూ కాళ్ళూ ఏదో ఒకటి చేస్తుండాలి.

ఇక్కడ ఎక్కువ మంది జారిపడే చోటు ఒకటి చెప్తా. బింజ్ అయి, వాంతి అయిన తర్వాత వచ్చే పూట మానేస్తారు. మానొద్దు. రాత్రి ఎంత తిన్నా పొద్దున 8:30 ఇడ్లీ 8:30కే. ఆ అమ్మాయి డైరీలో మొదటి బింజ్ లేని వరస రోజులు వచ్చింది కూడా "నీళ్ళు తప్ప ముట్టను" అనే లైన్ ఆగిపోయాకే. శనివారం ఉపవాసాలు, కార్తీక సోమవారాలు కూడా ఈ కొన్ని నెలలు వాయిదా వేయమని అడుగుతాం, ఇంట్లో పెద్దవాళ్ళకి కష్టంగానే ఉంటుంది కానీ ఒకమ్మాయి నాతో నిజాయితీగా అంది, "మేడమ్, నాది భక్తి కాదు, దేవుడి పేరు మీద డైటింగ్" అని.

వాంతి గురించి విడిగా పెద్ద పోరాటం పెట్టుకోం, బింజ్ తగ్గితే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కానీ నిజం మాత్రం చెప్తాం. వాంతి చేసుకున్నా తిన్నదాంట్లో చాలా భాగం ఒంట్లోనే ఉంటుంది. విరేచనాల మాత్రలు పని చేసేది పెద్దపేగులో, తిన్నది ఒంటికి పట్టేది అంతకు ముందే చిన్నపేగులో, కాబట్టి పోయేది నీళ్ళు, లవణాలే. అవి ఆపిన కొత్తలో ఒళ్ళు నీరు పట్టి కొన్నాళ్ళు బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది, ఇది ముందే చెప్పకపోతే భయపడి మళ్ళీ మొదలెడతారు. కొత్తలో కొంచెం తిన్నా కడుపు ఉబ్బరంగా ఉంటుంది, అది కూడా కొన్ని వారాల్లో తగ్గేదే. వాంతి అయిన వెంటనే బ్రష్ చేయొద్దని చెప్పండి, నీళ్ళతో పుక్కిలిస్తే చాలు, యాసిడ్ తగిలిన పళ్ళని రుద్దితే ఎనామిల్ ఇంకా అరుగుతుంది.

బరువు వారానికి ఒక్కసారి, సెషన్‌లో, థెరపిస్ట్‌తో కలిసి చూస్తారు. రూమ్‌లో మెషిన్ ఉంటే తీసేయాలి. ఒక్క అంకెని బట్టి ఏమీ చెప్పలేం, నాలుగు వారాల గీత చూడాలి. ఎక్కువ మందికి చివరికి పెద్ద తేడా ఏమీ ఉండదు, అయితే కొందరికి కొంచెం మారుతుంది, అది దాచం.

డైరీ అంటే ఏడుపు ఎందుకో కూడా చూడండి. ఇన్నేళ్ళు ఎవరికీ తెలియకుండా దాచిన దాన్ని కాగితం మీద పెట్టమంటున్నాం, పైగా ఎప్పటికప్పుడు, తిన్న వెంటనే. రాత్రి కూర్చుని మొత్తం ఒకేసారి రాస్తే మాకు ఇట్టే తెలుస్తుంది, టైమ్‌లన్నీ 9:00, 1:00, 5:00 అని గుండ్రంగా ఉంటాయి, కామెంట్ల గడి ఖాళీగా ఉంటుంది, అప్పటికి ఆ 4:40 నాటి మనసు మర్చిపోయి ఉంటారు. నేను తిట్టను, ఏ పూట రాయడం కష్టమైందో ఆ పూట గురించే మాట్లాడతా, ఎందుకంటే రాయలేని చోటే అసలు విషయం ఉంటుంది. ఫోన్ నోట్స్‌లో రాసుకున్నా ఓకే. కానీ అక్కా, ఒక్క మాట, అది మీరు అడగొద్దు, చదవొద్దు. ఇంట్లోవాళ్ళు చదువుతారని తెలిసిన రోజు నుంచి డైరీలో అన్నీ ఇడ్లీలే ఉంటాయి. బాత్రూమ్ దగ్గర కాపలా కూడా వద్దు. మీరు చేయగలిగింది, కుదిరిన ఆదివారం తనతో కలిసి టైమ్‌కి భోంచేయడం, ప్లేట్ వైపు చూడకుండా మాట్లాడటం, "సన్నబడ్డావ్, ఒళ్ళు చేశావ్" రెండూ అనకుండా ఉండటం.

ఒకటి రెండు నెలలయ్యాక తిండి టైమ్‌లు గాడిలో పడితే అప్పుడు రూల్స్ మీదకెళ్తాం. అస్సలు ముట్టను అనుకున్న వాటి లిస్ట్ రాయిస్తాం, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా నాలుగు గుంపులు చేసి, మంచి రోజు చూసుకుని ఒక్కొక్కటీ భోజనంలో భాగంగా తిని చూడటం. ఆ అమ్మాయి లిస్ట్‌లో తక్కువ భయం గుంపులో పూరీ ఉంది, ఎక్కువ భయం గుంపులో బిర్యానీ. బిర్యానీ మొదటిసారి ఒక్క ప్లేట్, ఫ్రెండ్‌తో, హోటల్లో, మధ్యాహ్నం తింది, 14వ సెషన్ టైమ్‌లో. అద్దంలో పొట్ట చూసుకోవడం, నడుం గిల్లి చూసుకోవడం, ఫొటోల్లో పోల్చుకోవడం, ఇవీ ఈ దశలోనే చూస్తాం.

మళ్ళీ వస్తుందా అంటే, ఒట్టేసి రాదని చెప్పలేను. కోపెన్‌హాగెన్‌లో చేసి 2014లో వచ్చిన ఒక స్టడీలో ఈ సిబిటి తీసుకున్నవాళ్ళలో ఐదు నెలలకి 42 శాతం మంది బింజ్, వాంతి పూర్తిగా ఆపేశారు, దానితో పోల్చిన రెండేళ్ళ సైకోఅనలిటిక్ థెరపీలో అప్పటికి 6 శాతమే. మంచి తేడా, కానీ సగానికి పైగా మంది పూర్తిగా ఆపలేదని కూడా దానర్థం. నాలుగు వారాలకి ఏ మార్పూ లేకపోతే ఇంకా అదే లాగకుండా ఎక్కడ తేడా కొడుతోందో కూర్చుని చూడాలి, డిప్రెషన్ ఉందా, తాగుడు అలవాటు ఉందా, ఫ్లూఒక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కలపాలా అని. బులీమియాకి ఆ మందు మామూలు డోస్ కన్నా ఎక్కువ, 60 మిల్లీగ్రాములు వాడతారు, అది సైకియాట్రిస్ట్ నిర్ణయం, మీరు గూగుల్ చూసి అడ్జస్ట్ చేయకండి.

ఆఖరి మూడు సెషన్లు ఇలా మళ్ళీ రావడం గురించే. తడబడటం వేరు, పూర్తిగా పడిపోవడం వేరు అని ముందే పేర్లు పెట్టుకుంటాం. ఒక బింజ్ అయితే అది తడబాటు. "అయిపోయింది, మళ్ళీ జబ్బొచ్చేసింది, మునిగినవాడికి చలేంటి" అనుకుంటే అదే పడిపోవడం అవుతుంది, చూశారా, కేక్ దగ్గర పనిచేసిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. ఆ అమ్మాయి ఒక కాగితం రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకుంది. ముందు గుర్తులు ఏంటి: రెండు రోజులు వరసగా టిఫిన్ మానడం, రోజూ బరువు చూడాలనిపించడం, "సాయంత్రం తింటాలే" అని వాయిదాలు. ఎప్పుడు జాగ్రత్త: పెళ్ళిళ్ళు, బ్లౌజ్ కుట్టించే కొలతలు, సంబంధాలు చూడటం, అప్రైజల్. ఏం చేయాలి: అదే రోజు నుంచి రెండు వారాలు డైరీ, టైమ్ ప్రకారం తిండి, రూమ్మేట్‌కి చెప్పడం, రెండు వారాల్లో దారికి రాకపోతే నాకు ఫోన్.

థెరపీ అయిపోయిన రెండు నెలలకి రాజమండ్రిలో కజిన్ పెళ్ళి. పిన్ని అందరి ముందూ "ఏంటే, హైదరాబాద్ నీళ్ళు పడ్డట్టున్నాయ్" అంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేసింది, రాత్రి విడిదిలో స్వీట్ల డబ్బా, తర్వాత వాంతి.

ఆలస్యం చేయకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి, వాటికి సిబిటి కోసం ఆగకూడదు. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, కండరాలు పట్టేయడం, వాంతిలో రక్తం, చచ్చిపోవాలన్న మాటలు, వీటిలో ఏది ఉన్నా అదే రోజు హాస్పిటల్. వాంతులు తరచుగా ఉన్నవాళ్ళకి ఒంట్లో పొటాషియం పడిపోతుంది, అది గుండె లయని దెబ్బతీస్తుంది, కాబట్టి ఇంకా చేయించకపోతే ఎలక్ట్రోలైట్స్ రక్త పరీక్ష, ఈసీజీ ఈ వారమే చేయించండి, మనిషి బాగానే కనిపిస్తున్నా సరే. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

పెళ్ళి సంగతికొస్తే, థెరపీ అయిపోయిన 20 వారాలకి పెట్టుకునే రివ్యూకి ఆ అమ్మాయి రెండు వారాల డైరీ పట్టుకొచ్చింది. మొదటి పేజీ మీద పెళ్ళి మర్నాడు తారీఖు. పొద్దున 8:40, విడిది, రెండు ఇడ్లీ, వడ ఒకటి, చట్నీ. కామెంట్ గడిలో "పిన్ని ఎదురుగానే కూర్చుంది. తిన్నా".